ముగ్గురు మనుషులు, మూడు ఖాళీలు: ఒకే ఫొటోలోంచి అన్ని జోకులు ఎలా వస్తాయి

మొన్న మా బాబాయి ఫోన్ నా ముందు పెట్టి, "ఇందులో నవ్వడానికి ఏముందిరా?" అని అడిగాడు. చాలామంది చూసే ఉంటారు ఆ ఫొటో. గళ్ల చొక్కా వేసుకున్న కుర్రాడు, పక్కన గర్ల్‌ఫ్రెండ్ ఉండగానే మెడ తిప్పి, అటుగా వెళ్తున్న ఎర్ర డ్రెస్ అమ్మాయిని చూస్తుంటాడు. కుర్రాడి మీద 'నేను' అని రాసి ఉంది. ఎర్ర డ్రెస్ మీద 'ఇప్పుడే కనిపించిన కొత్త పుస్తకం'. గర్ల్‌ఫ్రెండ్ మీద 'కొని ఇంకా తెరవని పది పుస్తకాలు'.

బాబాయికి చదవడం వచ్చు. ఫొటోలో ఏం జరుగుతోందో అర్థమైంది. పుస్తకాలు కొని చదవకుండా పెట్టడం ఇంకా బాగా తెలుసు. అయినా జోకు అందలేదు. "ఆ అమ్మాయి పేరు పుస్తకం ఏమిటి?" అన్నాడు.

ఆయన ప్రశ్న సరిగ్గా పడాల్సిన చోటే పడింది. బొమ్మ విడిగా అర్థమై, మాటలు విడిగా అర్థమై, రెండూ కలిసినప్పుడు అర్థం కాకపోవడమే మీమ్ దగ్గర చాలామందికి వచ్చే చిక్కు. అందుకే ఈ ఒక్క ఫొటోనే పట్టుకుని చూద్దాం.

'పేరు గొప్ప, ఊరు దిబ్బ' తెలిస్తే టెంప్లేట్ తెలిసినట్టే

ముందు మాటలు విడదీసుకుందాం. 'మీమ్' అనే మాటను 1976లో రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త తయారుచేశాడు. పాటల వరసలు, నానుళ్లు, అలవాట్లు ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకుంటూ వ్యాపిస్తాయి కదా, అలా వ్యాపించే దానికి ఆయన పెట్టిన పేరది. ఇవాళ మనం మీమ్ అంటే ఎక్కువగా మాటలు రాసిన బొమ్మ అనే అర్థంలో వాడుతున్నాం. అందులో మారకుండా ఉండే బొమ్మ టెంప్లేట్. దాని మీద మనిషి మనిషికీ మారే మాటలు క్యాప్షన్. ఏ మాట బొమ్మలో ఎక్కడ పడాలి, అక్కడ పడితే దానికి ఏ అర్థం వస్తుంది అనే ఒప్పందం ఫార్మాట్.

ఈ మూడోది ఎక్కడా రాసి ఉండదు, తికమకంతా దానితోనే. కానీ ఇలాంటి ఒప్పందం మనకు కొత్తేం కాదు. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అంటాం. కొంచెం మార్చి 'ట్రైలర్ గొప్ప, సినిమా దిబ్బ' అంటే ఎవరూ అర్థం అడగరు. 'అట్ట గొప్ప, పుస్తకం దిబ్బ' అన్నా అంతే. గొప్ప, దిబ్బ అనే రెండు మాటలు కదలవు, వాటి ముందున్న రెండు ఖాళీలు మారుతుంటాయి. మొదటి ఖాళీలో పైకి కనిపించేది, రెండో ఖాళీలో అసలు సరుకు పడాలన్న సంగతి మనకెవరూ చెప్పలేదు, వినీ వినీ పట్టుకున్నాం. 'సినిమా గొప్ప, ట్రైలర్ దిబ్బ' అని తిప్పి చూడండి. పదాలు అవే, కానీ వెక్కిరింత పోయి ఆ సినిమాకి మెచ్చుకోలు అయింది.

గళ్ల చొక్కా కుర్రాడి ఫొటో కూడా అచ్చం అలాంటి సామెతే. తేడా ఏమిటంటే, కదలని మాటల స్థానంలో ఇక్కడ ముఖాలూ చూపులూ ఉన్నాయి. సామెతను ఒక్కసారి విన్నవాడికి అది ఒక ఊరి గురించిన మాటలాగే ఉంటుంది. పది రకాలుగా విన్నాకే లోపలి ఎముకలగూడు కనిపిస్తుంది. బాబాయి ఈ ఫొటోను అప్పుడే మొదటిసారి చూశాడు.

ఆ ఫొటోలో నిజానికి ఎంత సమాచారం ఉంది

దీన్ని తీసింది ఆంటోనియో గిల్లెమ్ అనే స్పానిష్ ఫొటోగ్రాఫర్. 2015లో, స్పెయిన్‌లోని జిరోనా నగరంలో తీశాడు. ఇది స్టాక్ ఫొటో. అంటే ఒక వార్త కోసమో ఒక ప్రకటన కోసమో తీసింది కాదు, ఎవరికి కావాలంటే వాళ్లు డబ్బు కట్టి వాడుకునేలా ముందే తీసి పెట్టుకున్నది. రేపు ఏ పత్రికలోనో 'నమ్మకద్రోహం' మీద వ్యాసం వస్తే పక్కన వేసుకోవడానికి పనికి రావాలి. అందుకే అందులో నటన కాస్త ఎక్కువగా ఉంటుంది. ఒక్క మాట కూడా లేకుండా, క్షణంలో, ఎవరికైనా కథ తెలిసిపోవాలి. అమ్ముకోవడానికి అవసరమైన ఆ గుణమే తర్వాత మీమ్‌కి పనికొచ్చింది.

కొంచెం దగ్గరగా చూడండి. ఎడమ పక్కన, కెమెరాకి దగ్గరగా ఎర్ర డ్రెస్ అమ్మాయి ఉంటుంది, ఆమె ఫోకస్‌లో ఉండదు, మసకగా ఉంటుంది. మధ్యలో కుర్రాడు, ఈల వేయబోతున్నట్టు పెదాలు ముడిచి ఉంటాడు. కుడి పక్కన లేత నీలం టాప్‌లో గర్ల్‌ఫ్రెండ్, నోరు తెరుచుకుని, నమ్మలేనట్టు అతన్నే చూస్తుంటుంది. వెనక వీధి అంతా మసక.

ఇందులో చూపుల లెక్క ఒకటుంది, నాకు ఈ ఫొటోలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అది. ఎర్ర డ్రెస్ అమ్మాయికి తనను ఎవరో చూస్తున్నారని తెలియదు. కుర్రాడికి తనను గర్ల్‌ఫ్రెండ్ చూస్తోందని తెలియదు. జరుగుతున్నదంతా తెలిసింది ఒక్క గర్ల్‌ఫ్రెండ్‌కే, చూస్తున్న మనకీ. కాబట్టి ముగ్గురికీ మూడు వేర్వేరు పాత్రలు స్థిరపడ్డాయి. ఎడమవైపుది ఏమీ చేయకుండానే లాగేస్తుంది. మధ్యవాడు లాగబడతాడు. కుడివైపుది ముందు నుంచీ ఉన్నది, హక్కు ఉన్నది, ఇప్పుడు మోసపోతున్నది.

దీన్ని వాక్యంగా రాస్తే ఇలా ఉంటుంది: 'కుడివైపుది తనకు ఉండగానే, మధ్యవాడి మనసు ఎడమవైపు దాని మీదికి పోయింది, అది కుడివైపు దానికి తెలిసిపోయింది.' ఫొటో వాక్యాన్ని ఇస్తుంది, క్యాప్షన్ నామవాచకాల్ని ఇస్తుంది. ఇలా బొమ్మలోని ఒక్కొక్కరికీ ఒక్కో పేరు అతికించే పద్ధతిలో, పేరు పడగానే మనిషి మనిషిగా ఉండడం మానేస్తాడు. ఎర్ర డ్రెస్ మీద 'పుస్తకం' అని ఉంటే, ఆ అమ్మాయి పేరు పుస్తకం అని కాదు, పుస్తకమే ఆ అమ్మాయి స్థానంలో నడిచి వెళ్తోందని. బాబాయికి తెలియాల్సిన ఒక్క మెలిక ఇదే.

నవ్వు ఎక్కడి నుంచి వస్తోంది

మెలిక తెలిశాక కూడా ప్రశ్న మిగిలే ఉంది. అర్థమవడం వేరు, నవ్వు రావడం వేరు. ఎడమవైపు 'సినిమా', మధ్యలో 'నేను', కుడివైపు 'ఆఫీసు పని' అని పెట్టామనుకోండి. పాత్రలన్నీ సరిపోయాయి, తప్పేం లేదు, నవ్వూ లేదు. పని కన్నా సినిమా ఎక్కువగా లాగుతుందని చెప్పడానికి ఫొటో అక్కర్లేదు.

ఇప్పుడు ఎడమవైపు 'అల్మరా సర్దడం', మధ్యలో 'నేను', కుడివైపు 'రేపటి పరీక్ష' అని పెట్టండి. వెంటనే పెదవి కదులుతుంది. మామూలు రోజుల్లో అల్మరా వైపు కన్నెత్తి చూడం. దాన్ని చూసి ఈల వేయబోతున్న ముఖం ఒకటి ఇక్కడ దొరికింది. పరీక్ష టెన్షన్‌లో ఏ చిన్న పనైనా ఎంత అందంగా కనిపిస్తుందో ఆ ముఖం చెప్పేసింది. అంటే ఫొటో ఉద్వేగాన్ని ఇస్తోంది, లేబుల్ విషయాన్ని ఇస్తోంది, ఆ ఉద్వేగానికీ ఆ విషయానికీ మధ్య ఎంత దూరం ఉంటే నవ్వు అంత వస్తోంది.

బాబాయి చూపించిన పుస్తకాల మీమ్‌లో దూరం ఇంకో రకంగా ఉంది. అక్కడ రెండు పక్కలా ఉన్నది ఒకటే వస్తువు, పుస్తకం. ఇవాళ ఎర్ర డ్రెస్‌లో వెళ్తున్న కొత్త పుస్తకాన్ని రేపు కొంటాడు, నెల తిరిగేసరికి అది కుడివైపుకి వెళ్లి నోరు తెరిచిన ఆ పది పుస్తకాలతో కలిసి నిలబడుతుంది. ఫొటో ఒక్క క్షణానిదే, కానీ లేబుళ్లు దానికి ముందూ వెనకా కథ అతికించాయి. ఇది మంచి క్యాప్షన్. పాత్రలు సరిపోవడంతో ఆగకుండా, వాటి మధ్య కొత్త సంబంధం కనిపెట్టింది.

నిజంగా తిరిగిన వాటిలోంచి ఒకటి చెబుతాను. 2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఆ రోజుల్లో ఈ ఫొటో ఇంటర్నెట్ అంతా తిరుగుతోంది. ఎవరో ఎడమవైపు 'సూర్యగ్రహణం', మధ్యలో 'నేను', కుడివైపు 'సూర్యుణ్ణి నేరుగా చూస్తే ప్రమాదమని చెప్పే శాస్త్రీయ ఆధారాలు' అనే అర్థం వచ్చేలా పెట్టారు. దీని అందం ఏమిటంటే, మిగతా క్యాప్షన్లలో 'చూడటం' అనేది పోలిక మాత్రమే. అల్మరా మీదికి మనసు పోయిందని చెప్పడానికి చూపు వాడుకున్నాం. గ్రహణం దగ్గర చూపు చూపే. తిప్పకూడని చోటికి నిజంగానే తల తిప్పి చూస్తున్నాడు.

అవే మాటలు, వేరే బొమ్మలో పడితే

టెంప్లేట్‌లో ఎంత అర్థం దాగుందో తెలియాలంటే, మాటలు మార్చకుండా బొమ్మ మార్చి చూడటమే మంచి పరీక్ష. మన 'అల్మరా సర్దడం', 'రేపటి పరీక్ష' జంటనే తీసుకుందాం.

రాపర్ డ్రేక్ 2015 నాటి మ్యూజిక్ వీడియో నుంచి తీసిన రెండు ఫ్రేముల టెంప్లేట్ ఒకటుంది. పైదానిలో ముఖం తిప్పుకుని చెయ్యి అడ్డం పెడతాడు, కిందిదానిలో ఇది బాగుందన్నట్టు వేలు చూపించి నవ్వుతాడు. పై ఫ్రేము పక్కన 'రేపటి పరీక్షకి చదవడం', కింద 'అల్మరా సర్దడం' అని పెడితే, అతను హాయిగా నిర్ణయం తీసేసుకున్నాడు. తప్పు చేస్తున్నానన్న భావమే లేదు. ఇంకో టెంప్లేట్‌లో రెండు ఎర్ర బటన్లు, వాటి ముందు చెమట తుడుచుకుంటున్న మనిషి బొమ్మ. బటన్ల మీద అవే రెండు మాటలు పెడితే, ఇంకా ఏదీ తేల్చుకోలేదు, తేల్చుకోలేక చస్తున్నాడు. గళ్ల చొక్కా కుర్రాడి దగ్గరికొస్తే నిర్ణయమూ లేదు, ఆలోచనా లేదు. తల దానంతటదే తిరిగిపోయింది, పక్కన సాక్షి ఉంది.

రెండు మాటలు మారలేదు. ఒకచోట ఇష్టం, ఒకచోట సందిగ్ధం, ఒకచోట ద్రోహం. ఈ తేడా పట్టించుకోకుండా రాసిన క్యాప్షన్లే ఎక్కువగా దెబ్బతింటాయి. ఎడమవైపు 'నీలం రంగు', మధ్యలో 'నేను', కుడివైపు 'ఎరుపు రంగు' అని పెట్టిన మీమ్ ఎప్పుడైనా కనిపిస్తే, చదివాక ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. ఎరుపు రంగుతో అతనికి ముందు నుంచీ ఏ బంధమూ లేదు కాబట్టి గర్ల్‌ఫ్రెండ్ ముఖంలోని ఆ కోపానికి పని లేకుండా పోయింది. ఆ ఇష్టాయిష్టాలకి రెండు ఫ్రేముల టెంప్లేట్ చాలు.

ఎడమ, కుడి తారుమారైతే గుర్తుపట్టడం ఇంకా తేలిక. 'రేపటి పరీక్ష' ఎర్ర డ్రెస్ వేసుకుని, 'అల్మరా సర్దడం' కోపంగా చూస్తోందంటే, బుద్ధిగా చదువుకునే పిల్లాడి కథ అయిపోతుంది. ఇక అతిగా రాసినవి ఉంటాయి: కుర్రాడి మీద 'పరీక్ష దగ్గర పడుతున్నా చదవకుండా వేరే పనుల వైపు చూస్తున్న నేను' అని. చూస్తున్నాడని ఫొటో చెప్పేసింది, మళ్లీ చెప్పేసరికి చూసేవాడికి కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఈ ఫార్మాట్‌లో 'నేను' అనే రెండక్షరాలు చేసే పని పెద్ద వాక్యం చేయలేదు.

జోకు అందకపోవడం రెండు రకాలు

ఈ ఫొటోను మీమ్‌గా వాడినవాటిలో మనకు తెలిసిన తొలి ఉదాహరణ 2017 మొదట్లోది, టర్కీ భాషలో ప్రోగ్రెసివ్ రాక్ సంగీతం గురించి నడిచే ఒక ఫేస్‌బుక్ పేజీలో వచ్చింది. కుర్రాడి మీద 'ఫిల్ కాలిన్స్', ఎర్ర డ్రెస్ మీద 'పాప్', గర్ల్‌ఫ్రెండ్ మీద 'ప్రోగ్రెసివ్ రాక్' అనే అర్థంలో రాశారు. ఫార్మాట్ అంతా తెలిసిన మనలో చాలామందికి కూడా ఇది చప్పగా ఉంటుంది. ఫిల్ కాలిన్స్ జెనెసిస్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందంలో డ్రమ్స్ వాయించి, తర్వాత గాయకుడై, 1980లలో పాప్ పాటలతో పెద్ద స్టార్ అయ్యాడని తెలిసినవాళ్లకు మాత్రం గుచ్చుకుంటుంది. ఆ పాత అభిమానుల ముఖం ఎలా ఉండి ఉంటుందో గర్ల్‌ఫ్రెండ్ ముఖం చూపిస్తోంది.

బాబాయికి విషయం తెలుసు, ఫార్మాట్ తెలియదు. మనకు ఫార్మాట్ తెలుసు, విషయం తెలియదు. బయటికి రెండూ 'అర్థం కాలేదు' అనే వినిపిస్తాయి కానీ రోగం వేరు. ఏది తెలియట్లేదో తేల్చుకోవడం కష్టమేం కాదు. అదే ఫొటో మీద వేరే క్యాప్షన్లు నాలుగు చూసినా అన్నీ అయోమయంగానే ఉంటే తెలియనిది ఫార్మాట్. మిగతావి నవ్వించి ఇదొక్కటే నవ్వించకపోతే, లేబుళ్లలో మనకు తెలియని పేరేదో ఉంది.

ఫార్మాట్ బాగా నలిగాక ఇంకో దశ వస్తుంది. అందరికీ పాత అర్థం కంఠతా వచ్చేసింది కాబట్టి, దాన్ని విరవడమే జోకు అవుతుంది. 2017లో కొందరు అదే ఫొటోగ్రాఫర్ అదే మోడల్స్‌తో తీసిన వేరే స్టాక్ ఫొటోలు వెతికి తెచ్చి, ముందూ వెనకా కథలు అల్లారు. అలాంటివి చూసి మొదటిసారి ఎవరైనా మీమ్ నేర్చుకోవాలంటే కుదరదు. మార్చిన వరస వినాలంటే అసలు వరస తెలిసి ఉండాలి.

2018లో మరో ఆసక్తికరమైన పోలిక బయటికొచ్చింది. జాషువా రేనాల్డ్స్ 1760-61లో వేసిన ఒక చిత్రంలో డేవిడ్ గారిక్ అనే నటుణ్ణి ఒక పక్క హాస్యం, ఇంకో పక్క విషాదం స్త్రీల రూపంలో చెరో వైపు లాగుతుంటాయి. అతని ఒళ్లు హాస్యం వైపు వెళ్తుంది, ముఖం మాత్రం విషాదం వైపు తిరిగి, ఏం చేయను అన్నట్టు నవ్వుతుంది. మనుషుల మీద పేర్లు రాసి లేవు గానీ, ఒక భావానికి మనిషి రూపమిచ్చి నిలబెట్టడం అప్పటికే ఉంది. తేడా ముఖంలో ఉంది. గారిక్ వదిలి వెళ్తున్న దాని వైపు చూసి క్షమించమంటున్నాడు, మన కుర్రాడికి ఆ ధ్యాసే లేదు.

లేబుల్ వేస్తే మనుషులు నిజంగా మాయమవుతారా

పేరు పడగానే మనిషి మాయమై పాత్ర మిగులుతుందని పైన రాశాను. దానితో అందరూ ఒప్పుకోరు, వాళ్ల మాటలోనూ బలముంది.

స్వీడన్‌లో బాన్‌హోఫ్ అనే ఇంటర్నెట్ సంస్థ 2018లో ఉద్యోగ ప్రకటనకు ఇదే ఫొటో వాడింది. కుర్రాడు 'నువ్వు', గర్ల్‌ఫ్రెండ్ 'ఇప్పుడు పనిచేస్తున్న చోటు', ఎర్ర డ్రెస్ ఆ సంస్థ. దాని మీద ఫిర్యాదులు వెళ్లాయి. ప్రకటనల నీతినియమాలు చూసే అక్కడి అంబుడ్స్‌మన్ అది స్త్రీలను కించపరిచేలా ఉందని తేల్చింది. స్త్రీలను ఒకరి స్థానంలో ఇంకొకర్ని పెట్టుకోగలిగే వస్తువుల్లా, కేవలం చూడటానికే ఉన్నట్టు చూపించిందని, మగవాళ్లు ఇలాగే ఉంటారన్న మూస అభిప్రాయాన్ని కూడా మోసిందని దాని అభిప్రాయం. అంబుడ్స్‌మన్‌కి జరిమానా వేసే అధికారం లేదు. ఆ సంస్థ మాత్రం, ఇది అందరికీ తెలిసిన మీమ్ అని, తమ దగ్గర పని ఆకర్షణీయంగా ఉంటుందని చెప్పడమే ఉద్దేశమని అంది.

సంస్థ వాదనలో నిజం ఉంది. మీమ్ అలవాటైనవాళ్ల కంటికి ఆ ఫొటోలో అమ్మాయిలు కనిపించరు, రెండు ఉద్యోగాలే కనిపిస్తాయి. కానీ అంబుడ్స్‌మన్ మాటలోనూ నిజం ఉంది, పైగా అది ఈ వ్యాసంలో ఇంతవరకూ చెప్పుకున్న దానితోనే రుజువవుతుంది. లేబుల్ విషయాన్ని ఇస్తుంది, ఉద్వేగాన్ని ఫొటో ఇస్తుంది అనుకున్నాం కదా. ఆ ఉద్వేగం పుట్టేది ఒక మగవాడు అమ్మాయి వైపు చూసే చూపులోంచే. ఆ చూపును చూసేవాడు గుర్తుపట్టకపోతే జోకు నడవదు. అంటే మనుషులు పూర్తిగా మాయం కారు, లేబుళ్ల వెనక నిలబడి పని చేస్తూనే ఉంటారు. పుస్తకాల మీద జోకు వేసుకుంటే ఆ పని ఎవరికీ తగలకపోవచ్చు. ఉద్యోగానికి రమ్మని పిలిచే ప్రకటనలో, చదివేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు ఉండగల చోట, 'నువ్వు' అనే లేబుల్ కుర్రాడి మీద పెట్టినప్పుడు తగులుతుంది. నా మటుకు ఆ తీర్పు సబబుగానే అనిపిస్తుంది.

ఇందులో సగం నేను బాబాయికి నోటితో చెప్పాను, కాగితం మీద మూడు గుండ్రాలు గీసి, ఒక్కోదానిలో పేర్లు మార్చి మార్చి రాశాను. "అయితే అదొక సామెతన్నమాట" అన్నాడు. రెండు రోజుల తర్వాత రాత్రి పదకొండు దాటాక ఆయన దగ్గర్నుంచి అదే ఫొటో వచ్చింది. ఎర్ర డ్రెస్ మీద 'వాడు పంపే మీమ్‌లు', కుర్రాడి మీద 'నేను', కుడివైపు 'తొమ్మిదింటికే పడుకోమన్న డాక్టర్'. ఎవరి స్థానంలో వాళ్లే ఉన్నారు.